కిడ్నీ ఆగిపోయాక పేగు మోసే భారం

డయాలసిస్ మంచం మీద పడుకున్న మనిషిని అందరూ బరువు అడుగుతారు, బీపీ చూస్తారు, కాళ్లలో వాపు నొక్కి చూస్తారు. "విరేచనం సరిగ్గా అవుతోందా?" అని అడిగేవారు తక్కువ. అడగకపోతే రోగి తనంతట తాను చెప్పడు. పది మంది ఉన్న హాల్లో ఆ మాటెత్తడానికి మొహమాటం. పైగా కిడ్నీలే పోయాక ఇదొక లెక్కా అనుకుంటాడు. కానీ కిడ్నీ జబ్బు ముదిరిన మనిషికి మలబద్ధకం లెక్కలోకి రావాల్సిన విషయమే. కారణం పొటాషియం.

మనం తిన్న పొటాషియంలో అత్యధిక భాగాన్ని కిడ్నీలు మూత్రంలోకి పంపేస్తాయి. ఆరోగ్యవంతుల్లో మలం ద్వారా బయటికి పోయేది పదో వంతు, అంతకన్నా తక్కువ. కిడ్నీలు చెడిపోతున్నకొద్దీ పెద్దపేగు ఆ పనిలో కొంత తన మీద వేసుకుంటుంది. జబ్బు బాగా ముదిరినవారిలో తిన్న పొటాషియంలో పావు వంతు, ఒక్కోసారి మూడో వంతు దాకా మలం ద్వారానే పోతుంది. డయాలసిస్ వారానికి రెండు మూడు రోజులు మాత్రమే జరుగుతుంది. మిగతా రోజుల్లో ఒంట్లో చేరే పొటాషియానికి బయటికి పోయే దారుల్లో ముఖ్యమైనది పేగే. నాలుగు రోజులు విరేచనం కాలేదంటే ఆ దారి నాలుగు రోజులు మూసుకుపోయినట్టే. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందస్తు హెచ్చరిక లేకుండా గుండె ఆగిపోవచ్చు కూడా.

ఇది ఎలా మొదలవుతుందో, ఎలా విప్పుకోవాలో చూడటానికి ఒక మనిషిని ఊహించుకుందాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట దగ్గరి ఊళ్లో కొబ్బరితోట పని చేసుకున్నాయన. వయసు 58. ఆ ప్రాంతంలో ఏళ్ల తరబడి ఊరూరా కనిపిస్తున్న, కారణం ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బే ఆయనకూ వచ్చింది. సోమవారం, గురువారం డయాలసిస్. రోజుకు వచ్చే మూత్రం 300 మిల్లీలీటర్లు. ముందు రోజు మూత్రానికి 500 కలిపి తాగమనడం డాక్టర్లు మామూలుగా చెప్పే లెక్క, కాబట్టి ఆయన రోజు మొత్తంలో తాగగలిగింది 800 మిల్లీలీటర్లు. టీ, మజ్జిగ, చారు, మాత్రలతో తాగే నీళ్లు అన్నీ అందులోనే.

ఒక సోమవారం డయాలసిస్‌కు ముందు తీసిన రక్తంలో పొటాషియం 6.1 వచ్చింది. ఉండాల్సింది 3.5 నుంచి 5 మధ్య. డయాలసిస్ రోగిలో ఇంకొంచెం ఎక్కువున్నా సర్దుకుంటారు గానీ 6 దాటితే ఊరుకోరు. ఈసీజీ తీశారు, డయాలసిస్ పెట్టారు. "పళ్లు తిన్నారా బాబాయ్? కొబ్బరినీళ్లు తాగారా?" అని సిస్టర్ అడిగింది. "పళ్ల మొహం చూసి ఏడాదయిందమ్మా" అన్నాడాయన. నిజమే చెప్పాడు. మరి పొటాషియం ఎక్కడి నుంచి వచ్చింది? ఇంకో ప్రశ్న వేస్తే తెలిసేది. గురువారం డయాలసిస్ అయిన దగ్గర్నుంచి ఆయనకు విరేచనం కాలేదు.

ఆయన తప్పు చేయలేదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. పొటాషియం ఉంటుందని పళ్లు మానేశాడు, ఆకుకూరలు మానేశాడు, భయం కొద్దీ కూరగాయలు కూడా తగ్గించాడు. నీళ్లు తగ్గించాడు. మూడు పూటలా తెల్లన్నం, కాస్త చారు. ముప్పావు కిలో తెల్లన్నంలో ఉండే పీచు మూడు గ్రాములకు మించదు. రోజుకు పాతిక గ్రాముల పీచు అవసరమైన పేగుకు ఆయన పెడుతున్నది అన్నీ కలిపి ఎనిమిదో తొమ్మిదో గ్రాములు. దానికి తోడు మాత్రలు. భోజనంతో వేసుకునే కాల్షియం కార్బొనేట్ మలాన్ని గట్టిపరుస్తుంది. ఐరన్ మాత్ర అంతే. బీపీకి వాడే కొన్ని మందులు పేగును నెమ్మదిపరుస్తాయి. నడుం నొప్పికి ట్రమడాల్ వేసుకుంటే పేగు దాదాపు నిద్రపోతుంది. నాలుగు గంటలు మంచం మీద కదలకుండా పడుకోవాలి కాబట్టి డయాలసిస్ రోజున వచ్చిన ఒత్తిడిని కూడా బిగపట్టుకుంటాడు. ఇలా బిగపట్టడం అలవాటైతే ఆ ఒత్తిడి రావడమే తగ్గుతుంది. షుగర్ కూడా ఉంటే పేగు నరాలు ముందే దెబ్బతిని ఉంటాయి.

అంటే పొటాషియానికి భయపడి పెట్టుకున్న పథ్యమే మలబద్ధకం తెచ్చింది, మలబద్ధకం మళ్లీ పొటాషియాన్ని పెంచింది. పళ్లు, కూరలు అన్నీ మానేయమని ఒక్క ముక్కలో చెప్పి పంపేయడం రోగికి మేలు చేయదని నా గట్టి అభిప్రాయం. ఏది తినాలో, ఎంత తినాలో, ఎలా వండుకోవాలో చెప్పాలి.

ఆయన మొదట చేసిన పని చుట్టుపక్కల వాళ్ల సలహా వినడం. అందరూ మంచి మనసుతోనే చెప్పారు. ఒకరు లేత బొండం తాగమన్నారు. కొబ్బరి ఊళ్లో అది తేలిగ్గా దొరికేదే. కానీ 300 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో 500 మిల్లీగ్రాములకు పైనే పొటాషియం ఉంటుంది, పీచు మాత్రం లేనట్టే. పైగా ఆయన రోజు నీళ్లలో మూడో వంతుకు పైగా అక్కడే అయిపోతుంది. ఇంకొకరు ఎండుద్రాక్ష నానబెట్టి తినమన్నారు. ఎండిన పండులో పొటాషియం చిక్కబడి ఉంటుంది, ఎండుద్రాక్షలో వంద గ్రాములకు 700 మిల్లీగ్రాముల పైనే. ఖర్జూరమూ అలాంటిదే. మూడో సలహా ఇసబ్‌గోల్. అది మంచి పీచే, పొటాషియం భయం పెద్దగా లేదు. చిక్కంతా నీళ్లతోనే. ఒక చెంచా పొట్టుకు పెద్ద గ్లాసు నీళ్లు కావాలి. రెండు పూటలా వేసుకుంటే ఆయన 800లో సగం దానికే పోతుంది. నీళ్లు తగ్గించి పొడి పొడిగా మింగితే అది పేగులో ఉబ్బి ముద్దకట్టి దారినే మూసేస్తుంది. మూత్రం బాగా వస్తూ నీళ్ల నియమం లేని రోగికి ఇసబ్‌గోల్ చక్కగా సరిపోతుంది. ఈయనకు సరిపోదు.

నాలుగో సలహా అన్నిటికన్నా ప్రమాదం. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే తెల్లటి మందు, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా. మామూలు మనిషికి మంచి మందే. ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్లలో సుమారు 500 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అది ఒక మనిషికి రోజంతటికీ కావాల్సిన దానికన్నా ఎక్కువ. అందులో కొంత రక్తంలోకి చేరుతుంది, ఆ చేరిన దాన్ని తీసేయాల్సింది కిడ్నీలే. అవి పనిచేయకపోతే మెగ్నీషియం పేరుకుపోతుంది. మొదట వికారం, ఒళ్లు వేడెక్కినట్టుండటం, మగత. తర్వాత కండరాలు సత్తువ కోల్పోతాయి, బీపీ పడిపోతుంది, నాడి నెమ్మదిస్తుంది, చివరికి ఊపిరి కూడా ఆగవచ్చు. ఇంట్లోవాళ్లు "నీరసంగా పడుకున్నాడు" అనుకునే లోపే ఇదంతా జరగవచ్చు. విరేచనాల సిరప్‌లు చాలావాటిలో లిక్విడ్ పారఫిన్‌తో కలిపి ఇదే ఉంటుంది. అందుకే సీసా మీద పెద్దక్షరాల పేరు చూసి ఊరుకోకుండా కింద చిన్నక్షరాల్లో మెగ్నీషియం అనే మాట ఉందేమో వెతకాలి.

అలాగే వెతకాల్సిన ఇంకో మాట ఫాస్ఫేట్. సోడియం ఫాస్ఫేట్ ఎనిమాగానూ దొరుకుతుంది, పెద్దపేగు పరీక్షకు ముందు కడుపు శుభ్రం చేయడానికి తాగే ద్రావణంగానూ దొరుకుతుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారిలో ఆ ఫాస్ఫేట్ రక్తంలో ఒక్కసారిగా పెరిగి కాల్షియాన్ని పడగొడుతుంది. కిడ్నీలు కొంత మిగిలి ఉన్నవారిలో అయితే ఆ మిగిలిన భాగంలోనే కాల్షియం, ఫాస్ఫేట్ స్ఫటికాలుగా పేరుకుని దాన్ని కూడా దెబ్బతీయగలవు. తాగే సోడియం ఫాస్ఫేట్ మందుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. ఎనిమా పెట్టించుకోవాల్సి వస్తే "నాకు కిడ్నీ జబ్బుంది, ఫాస్ఫేట్ వద్దు" అని పెట్టే సిస్టర్‌కు చెప్పే హక్కు రోగికి ఉంది.

ఇక సరైన దారి. ముందుగా అది మామూలు మలబద్ధకమేనా, పేగుకు అడ్డుపడిందా అని తేల్చుకోవాలి. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే ఇంట్లో ఏ మందూ వేయకూడదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. పెద్దవాళ్లలో ఇంకో మోసం ఉంటుంది. గట్టి మలం కింద ఇరుక్కుపోతే దాని పక్కనుంచి నీళ్లలాంటి విరేచనం కారుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని విరేచనాలనుకుని ఆపే మాత్ర వేస్తారు. డాక్టర్ వేలితో పరీక్షిస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

మన ఉద్దానం ఆయనకు అడ్డేమీ లేదు, కింద గట్టి మలం ఉంది. గ్లిజరిన్ సపోజిటరీ పెట్టారు. మలద్వారంలో పెట్టే ఆ చిన్న మందు అరగంట, గంటలో పని చేస్తుంది, రక్తంలో లవణాలను కదిలించదు. పాత మలం బయటపడ్డాకే రోజువారీ మందు మొదలుపెట్టారు.

ఆ మందు లాక్టులోజ్. రాత్రి పడుకునే ముందు 15 మిల్లీలీటర్లు. ఇది పేగులో అరగని ఒక రకం చక్కెర. రక్తంలోకి దాదాపు చేరదు, పేగులోనే ఉండి అక్కడికి నీటిని లాక్కుని మలాన్ని మెత్తబరుస్తుంది. ఆ నీళ్లు ఒంట్లోంచి వస్తాయి కాబట్టి తాగే నీళ్లు పెంచాల్సిన పని లేదు. అందుకే నీళ్లు కొలుచుకుని తాగేవారికి ఇది ముందు వరసలో ఉండే మందు. ఫలితం కనిపించడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మొదటి రాత్రే పని చేయలేదని మోతాదు రెట్టింపు చేస్తే మూడో రోజు నీళ్ల విరేచనాలవుతాయి, డయాలసిస్‌లో బీపీ పడిపోతుంది. తొలివారం కడుపులో గాలి ఎక్కువగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. రోజుకు ఒకటి, మహా అయితే రెండు మెత్తటి విరేచనాలు రావడం లక్ష్యం. చాలకపోతే డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు. షుగర్ ఉన్నవారు వాడవచ్చు, కాకపోతే ఆ సిరప్‌లో కొద్దిగా మామూలు చక్కెరలు కూడా ఉంటాయి, మోతాదు పెరిగితే షుగర్ చూసుకోవాలి.

లాక్టులోజ్ ఒక్కటీ సరిపోని రోజుల కోసం బిసాకోడిల్ 5 మిల్లీగ్రాముల మాత్ర. ఇది పేగు కండరాన్ని కదిలిస్తుంది. రాత్రి వేసుకుంటే తెల్లవారేసరికి పని అవుతుంది. దీనికి ఒక చిన్న నియమం ఉంది. మాత్ర మీది పొర కడుపులో కరగకుండా పేగులోకి వెళ్లాక కరగాలి. పాలతోనో, ఆమ్లం తగ్గించే మందుతోనో వేసుకుంటే పొర ముందే కరిగిపోయి కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుంది. కిడ్నీ రోగి భోజనంతో వేసుకునే కాల్షియం కార్బొనేట్ కూడా ఆమ్లాన్ని తగ్గించేదే. అందుకని రాత్రి భోజనానికీ ఈ మాత్రకూ కనీసం గంట, రెండు గంటలు ఎడం ఉండాలి. నమలకూడదు. సెన్నా, అంటే సునాముఖి మాత్ర కూడా ఇదే తీరు మందు, కిడ్నీ రోగి వాడవచ్చు. అయితే సునాముఖి కలిపిన చూర్ణాలు వేరు. చాలా చూర్ణాల్లో సైంధవ లవణం, నల్ల ఉప్పు, క్షారాలు కూడా కలుపుతారు. ఆ ఉప్పు దాహం పెంచుతుంది, దాహం నీళ్లు తాగిస్తుంది, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరతాయి. పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి మరో మంచి మందే గానీ 17 గ్రాముల పొడికి కనీసం సగం గ్లాసు నీళ్లు కావాలి, అది రోజు కోటాలోంచే తీయాలి. లవణాలు కలిపిన పెద్ద ప్యాకెట్లు కాకుండా ఉత్త పొడే తెచ్చుకోవాలి.

మందు ఎప్పుడు వేసుకోవాలన్నది కూడా ముఖ్యమే. ఆయన డయాలసిస్‌కు పొద్దున్నే బయల్దేరాలి, ఆటోలో గంట ప్రయాణం. ముందు రోజు రాత్రి బిసాకోడిల్ వేసుకుంటే దారిలోనో, మంచం మీదో ఇబ్బంది. అందుకని ఆదివారం, బుధవారం రాత్రులు ఆ మాత్ర వద్దన్నారు. గురువారం నుంచి సోమవారం దాకా ఉన్న పెద్ద విరామంలో మాత్రం ఒక్క రోజు కూడా విరేచనం తప్పకుండా చూసుకోమన్నారు. రోజూ పొద్దున తిన్న పావుగంటకు వెళ్లి కూర్చోమన్నారు. తిండి పడగానే పెద్దపేగు తనంతట తాను కదిలే వేళ అది.

డాక్టర్ ఐరన్ మాత్ర ఆపి, డయాలసిస్ సమయంలోనే ఇంజెక్షన్‌గా ఇవ్వడం మొదలుపెట్టారు. ట్రమడాల్ మాన్పించారు. ఇంకో మాట కూడా చెప్పారు. పొటాషియం తగ్గడానికి ఇచ్చే పొడి, కాల్షియం పాలీస్టైరిన్ సల్ఫోనేట్, ఇంట్లో ఉంది కదా అని విరేచనం కాని రోజుల్లో వేసుకోవద్దని. అది పేగులో పొటాషియాన్ని పట్టుకుని మలంతో బయటికి పోవాలి. మలమే కదలకపోతే ఆ పొడి అక్కడే గడ్డకట్టి పేగు గోడను పుండు చేయగలదు.

తిండి సంగతికి వద్దాం. పొటాషియం దిగి, పేగు కదిలాక, రెండో వారం నుంచి పీచు కలపడం మొదలైంది. ఇక్కడ చూడాల్సింది ఒక పదార్థంలో పొటాషియం ఎంత ఉందని మాత్రమే కాదు, ఆ పొటాషియానికి బదులుగా పీచు ఎంత దక్కుతోందని. వంద గ్రాముల అరటిపండులో పీచు రెండున్నర గ్రాములు, పొటాషియం 350 మిల్లీగ్రాముల పైన. అంతే బరువు ఆపిల్‌లో తొక్కతో సహా పీచు ఇంచుమించు అంతే, పొటాషియం వంద చిల్లర. పియర్ పండు ఇంకా మేలు. జామలో పొటాషియం ఎక్కువే, 400 పైన, కానీ పీచు అయిదు గ్రాములకు పైగా ఉంటుంది. కాబట్టి చిన్న జామకాయలో సగం తింటే ఒక ఆపిల్‌తో సమానం, ధరలో చాలా తక్కువ. పల్లెలో అందరికీ అందేది అదే.

కూరగాయల్లో వంటే కీలకం. బీన్స్, క్యాబేజీ లాంటివి చిన్న ముక్కలు తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం సగం దాకా నీళ్లతో పోతుంది, పీచులో ఎక్కువ భాగం ముక్కలోనే ఉండిపోతుంది. పచ్చి ముక్కలను ఊరికే నానబెడితే అంత పోదు, ఉడకాలి. పారబోయాల్సిన ఆ నీళ్లతోనే చారు పెడితే మాత్రం చేసిన పనంతా వృథా. ధాన్యంలో ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన చోళ్లు, మిగతా ఊళ్లలో రాగులంటారే, అవే. 50 గ్రాముల చోడిపిండిలో అయిదున్నర గ్రాముల పీచు, 220 మిల్లీగ్రాముల పొటాషియం. అంబలిగా తాగితే ఒక గ్లాసు నీళ్లు లెక్కలోకి వస్తాయి కాబట్టి రొట్టెగా కాల్చుకోమన్నారు. ఫాస్ఫరస్ కొంత ఉంటుంది నిజమే, కానీ గింజల్లోని ఫాస్ఫరస్‌ను ఒళ్లు పూర్తిగా పీల్చుకోలేదు. ప్యాకెట్ తిండిలో, కోలా డ్రింకుల్లో కలిపే ఫాస్ఫేటే దాదాపు మొత్తం రక్తంలోకి చేరుతుంది.

రాత్రి అన్నం బదులు ఒక చోడిరొట్టె, మధ్యాహ్నం ఉడికించి వార్చిన కూర 150 గ్రాములు, సాయంత్రం సగం జామకాయ. మూడూ కలిపితే అదనంగా 12 గ్రాముల పీచు, దాదాపు 600 మిల్లీగ్రాముల పొటాషియం. ఒక్క కొబ్బరిబొండంతో వచ్చే పొటాషియం కూడా ఇంచుమించు ఇంతే, పీచు మాత్రం సున్నా. మూడూ ఒకేసారి మొదలుపెట్టలేదు. వారానికి ఒకటి చొప్పున కలిపి, ప్రతిసారీ సోమవారం డయాలసిస్‌కు ముందు రక్తం చూశారు. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, ఏ పదార్థం పొటాషియాన్ని పెంచిందో కూడా తెలియదు. ఉప్పు తగ్గించాలని "లో సోడియం" ఉప్పు కొనడం మాత్రం చేయకూడదు, అందులో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది.

ఈ లెక్కలు ఒక మనిషివి. కిడ్నీ జబ్బు మొదటి దశల్లో ఉండి, మూత్రం బాగా వస్తూ, పొటాషియం మామూలుగా ఉన్నవారికి పళ్లు మానేయాల్సిన పని గానీ, నీళ్లు తగ్గించాల్సిన పని గానీ సాధారణంగా ఉండదు. వాళ్లు అనవసరంగా డయాలసిస్ రోగి పథ్యం పట్టి మలబద్ధకం తెచ్చుకుంటున్నారు. అమెరికాలో సుమారు 35 లక్షల మంది మాజీ సైనికుల వైద్య రికార్డులు పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో మలబద్ధకం ఉన్నవారికి కొత్తగా కిడ్నీ జబ్బు వచ్చే అవకాశం 13 శాతం ఎక్కువగా కనిపించింది. ఒకదానివల్లే రెండోది వచ్చిందని దాని అర్థం కాదు. ఇక ఇంట్లోనే కడుపు ద్వారా డయాలసిస్ చేసుకునేవారిలో పొటాషియం తరచూ తక్కువగానే ఉంటుంది, అయినా మలబద్ధకం వాళ్లకు ఇంకో రకంగా చేటు. నిండిన పేగు గొట్టాన్ని నొక్కి, ద్రవం సరిగా బయటికి రానివ్వదు. ద్రవం నెమ్మదిగా దిగుతోందంటే గొట్టం చెడిందనుకునే ముందు, విరేచనమై ఎన్నాళ్లయిందో చూసుకోవాలి.

డయాలసిస్ మీద ఉన్నవారికీ, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లకీ ఒక మాట. బరువు, బీపీ రాసుకునే పుస్తకంలోనే విరేచనమైన రోజు కూడా రాసుకోండి. రెండు రోజులు ఖాళీగా ఉంటే మీ డయాలసిస్ కేంద్రానికి ఫోన్ చేయండి, షాపుకి వెళ్లి చేతికందిన సిరప్ తెచ్చుకోవద్దు. కాళ్లు చేతులు లేవనంత నీరసం, గుండె దడ, నాడి మరీ నెమ్మదించడం కనిపిస్తే ఫోన్ కోసం కూడా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి పొటాషియం, ఈసీజీ చూడమని అడగండి.